స్వీయ అధ్యయన నివేదిక: ప్రభుత్వ డిగ్రీ కళాశాల, అనంతపురం జిల్లా
(న్యాక్ రెండో విడత గుర్తింపు కోసం, 2019-20 నుంచి 2023-24 వరకు)

కళాశాల పరిచయం

మా కళాశాల శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తోంది. చుట్టూ ఉన్నవన్నీ మెట్ట పొలాలే. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. 2023-24లో 534 మంది చదివారు, వారిలో 311 మంది అమ్మాయిలు. 402 మంది తమ ఇంట్లో డిగ్రీలో చేరిన మొదటివాళ్లు (ఆధారం: ప్రవేశ దరఖాస్తుల సారాంశం, ఫైలు 0.1). మిగతా నివేదికను ఈ అంకె గుర్తుంచుకుని చదవమని పరిశీలక బృందాన్ని కోరుతున్నాం.

మొదటి విడతలో వచ్చిన బృందం హాజరు, పరిశోధన, పూర్వ విద్యార్థుల సంఘం బలహీనంగా ఉన్నాయని రాసింది. హాజరు విషయంలో కొంత సాధించాం. పరిశోధనలో పెద్దగా ముందుకు పోలేదు. సంఘాన్ని రిజిస్టర్ చేయించాం గానీ అది ఇంకా నడక నేర్చుకుంటోంది (5.4.1).

క్రైటీరియన్ 1: పాఠ్యప్రణాళిక

సిలబస్ విశ్వవిద్యాలయానిది. దాన్ని పిల్లలకు ఎలా అందించాలన్నది మా చేతిలో ఉంది. 2020-21లో సవరించిన సీబీసీఎస్, 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాయి. రెండుసార్లూ టైంటేబుల్ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది (1.1.1, శాఖల సమావేశ తీర్మానాలు).

2021-22 నుంచి డిగ్రీ బోధన ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. మా విద్యార్థుల్లో ఎక్కువ మంది ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు. ఆ ఏడాది ఫిజిక్స్ రికార్డులు తెరిస్తే మార్జిన్లలో ‘రిఫ్రాక్షన్ అంటే వక్రీభవనం’ అని పెన్సిల్‌తో రాసుకున్న మాటలు కనిపిస్తాయి. అవి చూశాకే రెండు వారాల బ్రిడ్జ్ కోర్సును ఆరు వారాలకు పెంచాం. అధ్యాపకులు కూర్చుని వృక్షశాస్త్రం, కామర్స్, ఫిజిక్స్‌లలో 640 పదాలకు రెండు భాషల్లో పదకోశం తయారుచేశారు. ఆ రికార్డు పుటల నకళ్లు, పదకోశం ఫైలు 1.2.1-ఆలో ఉన్నాయి.

క్రైటీరియన్ 2: బోధన, అభ్యసనం, మూల్యాంకనం

రెగ్యులర్ అధ్యాపకులు 14 మంది, కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు 9 మంది (2.4.1, నియామక ఉత్తర్వులు).

మాకున్న అసలు సమస్య అక్టోబరు, నవంబరు నెలలు. ఖరీఫ్ శెనక్కాయ పీకే పని అప్పుడే వస్తుంది. కూలీలకు డబ్బు ఇచ్చుకోలేని ఇళ్లలో కాలేజీకి పోయే పిల్లలే కూలీలు. 2021 నవంబరు 9నాటి బీకాం రెండో సంవత్సరం రిజిస్టరులో 46 పేర్లుంటే హాజరు 17. ఆ పుట అడుగున క్లాసు అధ్యాపకురాలు పెన్సిల్‌తో ‘శెనక్కాయ’ అని ఒక్క మాట రాసి తేదీ వేశారు. దాన్ని చెరపకుండా ఆధారంగానే ఉంచాం (2.2.1-అ, పుట 43).

అంతకుముందు అలాంటి పిల్లలకు ‘హాజరు తక్కువ’ అని నోటీసు పంపి చేతులు దులుపుకునేవాళ్లం. అది తప్పు. 2022-23 నుంచి మూడు పనులు చేస్తున్నాం. మిడ్ పరీక్షను, విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు లోపలే, కోత ముగిశాక పెడుతున్నాం. కొన్ని సబ్జెక్టుల్లో ప్రతి యూనిట్‌కూ పది పదిహేను నిమిషాల ఆడియో పాఠం తీసి వాట్సాప్‌లో పంపుతున్నాం, పొలంలో సిగ్నల్ అందని ఊళ్లకు మెమరీ కార్డులో ఎక్కించి ఇస్తున్నాం. డిసెంబరులో తప్పిన పాఠాలను ఉదయం 8.30కి మళ్లీ చెబుతున్నాం (2.3.1, ఆడియోల జాబితా, డిసెంబరు తరగతుల రిజిస్టరు).

కోత నెలల హాజరు 43 శాతం నుంచి 2023-24లో 51 శాతానికి మాత్రమే పెరిగింది. బ్యాక్‌లాగ్‌తో సెమిస్టర్ ముగించినవారు మాత్రం 31 శాతం నుంచి 19 శాతానికి తగ్గారు (2.6.3, ఫలితాల విశ్లేషణ). గణితం దీనికి మినహాయింపు. ఆ పోస్టు రెండేళ్లు ఖాళీగా ఉండటంతో ఫలితాలు దిగజారాయి.

క్రైటీరియన్ 3: పరిశోధన, విస్తరణ

ఐదేళ్లలో ఏడు వ్యాసాలు వచ్చాయి, అందులో నాలుగు ఒక్కరివే (3.3.1). చెప్పుకోదగ్గది విద్యార్థుల పని. మొదటి సంవత్సరం తర్వాతి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో భాగంగా మూడు గ్రామాల్లో 212 బోర్ల లోతు, నీటి పరిస్థితి రాసుకున్నారు. 88 బోర్లు ఎండిపోయాయని తేలింది. ఆ పట్టికను పంచాయతీలకు అందజేశారు, రసీదులున్నాయి (3.4.3).

క్రైటీరియన్ 4: మౌలిక వసతులు

తరగతి గదులు 14, ప్రొజెక్టర్ ఉన్నవి నాలుగు. కంప్యూటర్లు 38, వాటిలో ఆరు పనిచేయడం లేదు (4.3.2, స్టాక్ రిజిస్టరు). లైబ్రరీలో 11,400 పుస్తకాలు, ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉన్నాయి. ఎన్-లిస్ట్ లాగిన్లు తక్కువగానే ఉన్నాయి.

క్రైటీరియన్ 5: విద్యార్థులకు అండ, పురోగతి

2023లో డిగ్రీ పూర్తిచేసిన 148 మందికీ ఫోన్ చేశాం, 131 మంది దొరికారు. పీజీ, బీఈడీలో చేరినవారు 41 మంది. ఉద్యోగాల్లో 47 మంది, అందులో 28 మంది బెంగళూరులో. సేద్యం, సొంత వ్యాపారం 22. ఇంటి దగ్గరే ఉన్నవారు 21 (5.2.1-5.2.2, ఫోన్ రిజిస్టరు).

2022-23లో మధ్యలో చదువు మానేసిన అమ్మాయిలు 11 మంది. ఇళ్లకు వెళ్లి అడిగితే ఏడుగురికి పెళ్లయిందని తెలిసింది. అప్పటి నుంచి వరుసగా మూడు రోజులు రాని అమ్మాయి ఇంటికి నాలుగో రోజు మహిళా అధ్యాపకులు ఇద్దరు వెళుతున్నారు. ‘మేడమ్, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి రావాల, చీకటి పడితే ఎట్లా పంపేది?’ అని ఒక తల్లి అడిగారు. దాంతో చివరి పీరియడ్‌ను పావుగంట ముందుకు జరిపాం, 4.40 బస్సు అందుతోంది. 2023-24లో మానేసినవారు నలుగురు (5.1.4, గృహ సందర్శన డైరీ, పేర్లు గోప్యంగా ఉంచాం).

క్రైటీరియన్ 6: పాలన, నాయకత్వం

ఐక్యూఏసీ ఏడాదికి నాలుగుసార్లు సమావేశమైంది. వార్షిక నాణ్యతా నివేదికలు ఐదూ సమర్పించాం, 2020-21ది ఆలస్యమైంది (6.5.2). సీపీడీసీ ఖర్చుల ఆడిట్ పత్రాలు 6.4.1లో ఉన్నాయి.

క్రైటీరియన్ 7: సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు

ఉత్తమ పద్ధతులుగా ఎంచుకున్నవి రెండు: కోతకాలపు బోధన, నాలుగో రోజు ఇంటికి వెళ్లడం. వివరాలు పైన ఇచ్చాం, తేదీలవారీ ఆధారాలు 7.2.1లో ఉన్నాయి. ఆవరణలో మూడు ఇంకుడు గుంతలు తవ్వించాం. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనడం తగ్గింది గానీ ఆగలేదు (7.1.4, ట్యాంకర్ బిల్లులు).

వచ్చే ఐదేళ్లలో ముందుగా చేయాలనుకున్నవి: ఆడియో పాఠాలను అన్ని సబ్జెక్టులకూ విస్తరించడం, ప్రతి శాఖ నుంచీ కనీసం ఒక పరిశోధన వ్యాసం, అమ్మాయిల హాస్టల్‌కు ప్రతిపాదన.

ధ్రువీకరణ

ఈ నివేదికలోని వివరాలన్నీ కళాశాల రికార్డుల ప్రకారం ఇచ్చినవి. అసలు పత్రాలు ఐక్యూఏసీ గదిలో క్రైటీరియన్ వారీగా ఉన్నాయి. పరిశీలక బృందం ఏ ఫైలు అడిగినా తెచ్చి చూపిస్తాం.

ఐక్యూఏసీ సమన్వయకర్త
ప్రిన్సిపాల్