అగ్నిప్రమాద భద్రత శిక్షణ: ప్రారంభంలో శిక్షకుడి పరిచయం

అందరికీ నమస్కారం.

నెలాఖరు పనులు బల్లల మీద వదిలి, హాజరు తప్పనిసరి అన్న ఉత్తర్వు వల్లనే మీరు ఇక్కడికి వచ్చారని నాకు తెలుసు. ఇదే విషయం మీద ఇంతకు ముందు తెర మీద బొమ్మలు చూసి, సంతకం పెట్టి వెళ్ళినవారు మీలో చాలామంది ఉన్నారని మీ మేనేజర్ గారు చెప్పారు. అందుకని నా గురించి చెప్పే ముందు, మీకు ఇప్పటికిప్పుడే పనికివచ్చే విషయం ఒకటి చూద్దాం.

దయచేసి తల తిప్పకుండా మనసులోనే జవాబు చెప్పుకోండి: ఈ హాలు ఇప్పుడు పొగతో నిండితే మీరు ఏ తలుపు వైపు వెళతారు? ఎక్కువమందికి తోచేది ఇందాక లోపలికి వచ్చిన తలుపే, ఎందుకంటే ప్రమాద సమయంలో మనిషి అలవాటైన దారినే వెతుక్కుంటాడు. ఇప్పుడు వెనక్కి చూడండి. ఆఖరి వరుస వెనుక, మూలన ఇంకొక తలుపు ఉంది. అది నేరుగా మెట్ల మీదికి తీసుకువెళుతుంది. ఉదయం నేను దాన్ని తీసి చూసినప్పుడు అవతల అట్టపెట్టెలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. మేనేజర్ గారికి చెప్పగానే వాటిని తీయించారు, కాబట్టి ఈ హాల్లో ఇప్పుడు మీకు నిజంగానే రెండు దారులున్నాయి.

నా పేరు మీ చేతిలోని కాగితం మీద ఉంది. అగ్నిమాపక దళంలో పనిచేసిన తరువాత ఈ శిక్షణ పనిలోకి వచ్చాను. అగ్నిప్రమాదాల్లో చాలాసార్లు మంట కంటే ముందు పొగే ప్రాణాలు తీస్తుంది. సామాను సర్దుకుంటూనో, ఎవరైనా వచ్చి చెబుతారులే అని ఎదురుచూస్తూనో తొలి నిమిషాలు పోగొట్టుకున్నవారు ఆ పొగకు చిక్కుతారు. ఆ నిమిషాలకు అగ్నిమాపక వాహనం ఇంకా దారిలోనే ఉంటుంది, మీకు అందుబాటులో ఉండేది ఇప్పుడు మీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రమే. అందువల్లనే ఈ శిక్షణ ఒక్కరికి కూడా మినహాయింపు లేకుండా అందరికీ జరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

మనకున్నది రెండు గంటలు, అంతకు మించి మిమ్మల్ని కూర్చోబెట్టను. అందులో సగం సమయం బయట ఆవరణలో, రేకు తొట్టెలో వెలిగించిన మంట ముందు గడుస్తుంది; మీలో ప్రతి ఒక్కరూ మంటలార్పే సిలిండర్ పిన్ను లాగి, మంట మొదలు మీదికి గురిపెట్టి స్వయంగా ఆర్పుతారు. చేత్తో పట్టుకునే సిలిండర్లలో చాలావాటిలో మందు అర నిమిషంలోపే అయిపోతుంది కనుక, ఏ మంటను ఆర్పాలో, దేన్ని వదిలేసి తలుపు మూసి బయటపడాలో తేల్చుకోవడం అన్నిటికంటే ముఖ్యం. దాని మీదే ఎక్కువసేపు మాట్లాడుకుందాం.

ఈ భవనం నాకంటే మీకే బాగా తెలుసు, కాబట్టి మీతోనే మొదలుపెడతాను. గోడౌన్ విభాగం వారు చెప్పండి: మీ దగ్గర మెయిన్ స్విచ్ ఎక్కడ ఉంది, ఈ ఉదయం దాని ముందు ఏమేమి పెట్టి ఉన్నాయి?