సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఒక రోజు: చూడదగ్గ ముక్కలు మాత్రమే

(ఉదయం 9:40. స్క్రీన్ నిండా చాట్.)
అలారం మోగడం, పళ్లు తోముకోవడం, బ్యాగ్ సర్దుకోవడం ఇవేవీ ఈ షార్ట్‌లో లేవు, అవి మీ ఇంట్లోనూ జరుగుతాయి. నా రోజు ఈ మెసేజ్‌తో మొదలైంది: "టోకెన్ల లిస్టులో 1 తర్వాత 10 వస్తోంది. 2 ఎక్కడో కిందుంది. కస్టమర్ మండిపడుతున్నారు."

(10:00. స్టాండప్ మీటింగ్, రెండు సెకన్లు.)
"అరగంటలో అయిపోతుంది." ఇది నేనన్న మాటే. గుర్తుపెట్టుకోండి.

(10:20 నుంచి 12:50. నా వీపు, ఫాస్ట్ ఫార్వర్డ్‌లో.)
డేటాబేస్ మీద అనుమానపడ్డాను. క్వెరీ చూశాను, మళ్లీ చూశాను, ఎందుకో క్యాష్ కూడా క్లియర్ చేశాను. పాపం డేటాబేస్ అన్నీ వరుసగానే ఇస్తోంది, దాన్ని తీసుకెళ్లి చెడగొట్టింది మన స్క్రీన్ కోడే.

(12:52. బ్రౌజర్ కన్సోల్, దగ్గరగా.)

```js
[1, 2, 9, 10].sort()
// [1, 10, 2, 9]
```

ఇక్కడ వీడియో ఆపి చూడండి. ఎలా పోల్చాలో మనం చెప్పకపోతే జావాస్క్రిప్ట్ అంకెల్ని కూడా అక్షరాలుగా మార్చి, డిక్షనరీలో పదాల్ని పేర్చినట్టు పేరుస్తుంది. "10" మొదలయ్యేది 1తో కాబట్టి అది 2 కంటే ముందు. ఇది నాకు తెలీదా అంటే తెలుసు, ఇంటర్వ్యూలో అడిగితే గడగడా చెప్తాను, సొంత కోడ్‌లో ఉంటేనే కనపడదు.

```js
tokens.sort((a, b) => a - b)
```

రెండున్నర గంటలకి ఒక్క లైను.

(2:30. ఎర్రగా ఫెయిలైన టెస్టు.)
మరి ఇన్నాళ్లూ టెస్టులు ఎలా పాసయ్యాయి? మా టెస్టు డేటాలో 1 నుంచి 9 వరకే ఉన్నాయి! 10 కలిపి, కొత్త లైను తీసేసి నడిపితే ఫెయిలైంది. లైను మళ్లీ పెట్టాను, పచ్చగా మారింది. ఫిక్స్ లేకుండా ఒకసారి ఫెయిల్ అవ్వడం కళ్లారా చూడకపోతే ఆ టెస్టుని నేను నమ్మను.

(3:15. రివ్యూ కామెంట్, పక్కన నా మొహం.)
మా సీనియర్ రాసింది ఒక్క ముక్కే: "బాగుంది. ఈ sort() ఇంకెక్కడెక్కడ ఉంది?"
వెతికితే ఆరు చోట్ల. నాలుగు పేర్ల లిస్టులు, వాటితో గొడవలేదు. మిగతా రెండూ అంకెలే, ఒకటి ఏకంగా ఇన్వాయిస్ నంబర్ల పేజీ, దాని గురించి ఇంకా ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

(5:40. రిలీజ్. ఒళ్లో చేతులు, చూపు లాగ్స్ మీద.)
ఇక్కడ మ్యూజిక్ వద్దు.

(5:52. చాట్.)
"2 తన ప్లేసుకి వచ్చేసింది, థాంక్స్ అండీ."

(ఉదయం 10:00 క్లిప్ మళ్లీ, మూలన 5:52 కనిపిస్తూ.)
"అరగంటలో అయిపోతుంది."