లీనియరైజబిలిటీ, సీరియలైజబిలిటీ: ఏది దేనికి హామీ ఇస్తుంది?

x అనే విలువ 0గా ఉంది. T1 అనే ట్రాన్సాక్షన్ దాన్ని 1 చేసి కమిట్ అయింది, క్లయింట్‌కి ఓకే కూడా వచ్చేసింది. ఐదు సెకన్ల తర్వాత మొదలైన T2, x చదివితే 0 వచ్చింది. డేటాబేస్ తప్పు చేసిందా?

సీరియలైజబిలిటీ ప్రకారం చేయలేదు. అది అడిగేది ఒక్కటే: ట్రాన్సాక్షన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టు చూపించగల వరస ఏదో ఒకటి ఉండాలి. ఇక్కడ "ముందు T2, తర్వాత T1" అనుకుంటే లెక్క సరిపోతుంది. గడియారం ప్రకారం ఏది ముందు జరిగిందో దానికి పట్టదు. రీడ్-ఓన్లీ ట్రాన్సాక్షన్లన్నింటికీ మొదటి రోజు డేటానే చూపించే డేటాబేస్ కూడా ఈ నిర్వచనాన్ని నెగ్గేస్తుంది. వినడానికి వింతగా ఉన్నా, నిర్వచనం అంతే.

లీనియరైజబిలిటీ దీన్ని ఒప్పుకోదు. 1990లో హెర్లిహి, వింగ్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం ప్రతి ఆపరేషనూ, అది మొదలైన క్షణానికీ జవాబు వచ్చిన క్షణానికీ మధ్య ఎక్కడో ఒక్క క్షణంలో పూర్తయినట్టు కనిపించాలి. రైట్ ముగిశాక మొదలైన రీడ్‌కి పాత విలువ రాకూడదు. రైట్ ఇంకా నడుస్తుండగా చదివితే పాతది రావచ్చు, కొత్తది రావచ్చు. కానీ ఒకరికి కొత్తది వచ్చిందంటే, ఆ తర్వాత మొదలుపెట్టి చదివే ఎవరికీ మళ్లీ పాతది రాకూడదు. క్యాప్ సిద్ధాంతంలోని "సి" అంటే ఇదే.

అయితే ఇదే గట్టి హామీ అనుకుంటే పొరపాటు. మామూలుగా ఇది ఒక్కో కీ మీద ఒక్కో ఆపరేషన్‌కి మాత్రమే వర్తిస్తుంది. x, y రెండూ 50 అనుకోండి, మొత్తం సున్నా కంటే తగ్గకూడదన్నది నియమం:

```
T1: if x + y >= 100: x = x - 100
T2: if x + y >= 100: y = y - 100
```

రెండూ ఒకేసారి నడిచి, రెండూ ముందే చదివేసి, రెండిటికీ 100 కనిపించింది. ఆపైన రాశాయి. x = -50, y = -50. ఒక్కో రీడ్, ఒక్కో రైట్ విడిగా లీనియరైజబులే, అయినా నియమం పోయింది. దీన్ని రైట్ స్క్యూ అంటారు. సీరియలైజబుల్ డేటాబేస్‌లో ఇది జరగదు: ఏ వరసలో నడిచినా రెండోదానికి మొత్తం 0 కనిపించి, అక్కడే ఆగిపోతుంది.

రెండూ కలిపి కావాలంటే దాని పేరు స్ట్రిక్ట్ సీరియలైజబిలిటీ. వరస ఉండాలి, ఆ వరస నిజమైన కాలక్రమాన్ని తప్పకూడదు. గూగుల్ స్పానర్ "ఎక్స్‌టర్నల్ కన్సిస్టెన్సీ" అని చెప్పేది దాదాపు ఇదే. గడియారాల్లో ఉండే అనిశ్చితి గడిచేదాకా కమిట్‌ని కాసేపు ఆపి మరీ దాన్ని సాధిస్తుంది.

ఎవరు కాన్ఫిగరేషన్‌ని మార్చారు, లాక్ ఎవరి చేతిలో ఉంది లాంటి ఒక్క కీ పనులకు లీనియరైజబిలిటీ చాలు. ఒకటి చూసి ఇంకొకటి రాసే నియమాలుంటే సీరియలైజబుల్ ఐసోలేషన్ లేకుండా వాటిని నమ్ముకోకండి. డాక్యుమెంటేషన్‌లో ఉత్తినే "స్ట్రాంగ్ కన్సిస్టెన్సీ" అని ఉంటే, ఈ రెండిట్లో ఏదని అడగండి.