చెల్లు

గల్లాలో డబ్బు తక్కువొస్తే మా నాన్న ఆ పూటకి విసుక్కుని ఊరుకునేవాడు. ఎక్కువొస్తే మాత్రం నిద్రపోయేవాడు కాదు.

"తక్కువైతే మన నష్టం, పోనీలే. ఎక్కువైతే ఎవరికో చిల్లర ఎగ్గొట్టినట్టే కదమ్మలూ!"

పాలకొల్లు పెద్దగోపురం దగ్గర్లో మా కిరాణా కొట్టు. బీకాం రెండో ఏడు పరీక్షలు రాసి నేను ఇంటికొచ్చేసరికి, చిట్టాకీ గల్లాకీ రెండు నెలల బట్టీ తేడా వస్తోంది. ఎప్పుడూ ఎక్కువే, ఎప్పుడూ ఇరవై రూపాయలే. ఆ ఇరవై గల్లాలో ఉంచడానికి చేతులు రాక నాన్న ఖాళీ ఆవకాయ సీసాలో వేస్తున్నాడు. ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చెయ్యడానికట. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నాకు అరవై ఏళ్లు దాటాయి. అమ్మినవి రాయడం మర్చిపోతున్నానేమో," అన్నాడు ఒకరాత్రి, కళ్లజోడు తుడుచుకుంటూ. ఆ గొంతు నాకు నచ్చలేదు.

చిట్టా ముందేసుకు కూర్చున్నాను. తేడా తొమ్మిదితో తెగితే అంకెలు తారుమారయ్యాయని మా మాస్టారు చెప్పేవారు. ఇరవై తెగదు. సగం చేసి చూడమనేవారు, జమ పద్దు ఖర్చులో పడి ఉంటుందని. పది రూపాయల పద్దు కోసం పేజీలన్నీ వెతికాను. ఉన్నవి అగ్గిపెట్టెలూ, కరివేపాకూ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చదువు అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత తేదీల్ని పట్టుకున్నాను. తేడా రాని రోజులు వేరే కాగితం మీద రాసి నాన్నకి చూపించాను. "మంగళవారాలు తేడా రాదేం నాన్నా?"

"మంగళవారం గుళ్లో జనం పలచగానే ఉంటారు. సూరమ్మ కూడా చిల్లర తేదు," అన్నాడు, పప్పు పొట్లం కడుతూనే.

సూరమ్మ గుడి దగ్గర పూలు అమ్ముతుంది. ఆమె గంపలో పడేవి ఎక్కువగా పది రూపాయల బిళ్లలే. మా ఊళ్లో ఆ బిళ్ల చెల్లదంటారు. 14 డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వు బ్యాంకే చెప్పినా, ఆటోవాడు తీసుకోడు, టీకొట్టువాడు తీసుకోడు. నాన్న తీసుకుంటాడు. అందుకని రోజూ సాయంత్రం ఆమె న్యూస్‌పేపరు ముక్కల్లో పదేసి బిళ్లలు చుట్టి, అయిదు చుట్టలు తెచ్చి బల్ల మీద పెడుతుంది. నాన్న లెక్కపెట్టకుండా అయిదొందల నోటు ఇస్తాడు. చుట్టలు గల్లాలో పడతాయి. రాత్రి విప్పాకే లెక్క.

ఆ సాయంత్రం ఆమె వెళ్లగానే చుట్టల్ని ఒక్కొక్కటీ కాటా మీద పెట్టాను. 79 గ్రాములు. 78. 79. 79.

అయిదోది 94.

విప్పాను. పన్నెండు బిళ్లలు. వాటిలో ఒకదానికి చామంతి రేక అంటుకుని ఉంది.

నాన్న చాలాసేపు ఆ బిళ్లలకేసే చూశాడు. తర్వాత స్టూలు ఎక్కి, అటక మీంచి పాత ఖాతా పుస్తకం దింపాడు. 2020లో గుడి మూసేసిన రోజులవి. పూలు కొనేవాళ్లే లేరు. సూరమ్మ పేజీలో బియ్యం, నూనె, కందిపప్పు, బియ్యం, బియ్యం. మొత్తం 4,640. దాని మీద అడ్డంగా గీత, పక్కన నాన్న గుండ్రటి అక్షరాల్లో 'చెల్లు'.

"ఇంక ఇవ్వక్కర్లేదని నేనే చెప్పాను. సరేనంది," అన్నాడు.

"రేపు అడుగుదామా?"

"ఊరుకో! ఏమని అడుగుతావు?"

ఆవకాయ సీసా బల్ల మీద బోర్లించాడు. 1,160 ఉంది. కలం తీశాడు. 'చెల్లు' కొట్టెయ్యలేదు. దాని కింద కాస్త జాగా వదిలి 'జమ 1,160' అని రాశాడు. ఆనాటి ఇరవై కూడా కింద వేశాడు. బాకీ 3,460 అని మాత్రం వేలితో బల్ల మీద రాసుకున్నాడు, కాగితం మీద కాదు.

మర్నాడు సాయంత్రం సూరమ్మ వచ్చింది. అయిదు చుట్టలు పెట్టింది. నేను కాటా పక్కనే నిలబడ్డాను. ఆమె నాకేసీ, కాటాకేసీ చూసి కొంగు సర్దుకుంది.

"అమ్మాయిగారు లెక్కలు చదువుతున్నారంట గదా. ఓసారి ఎంచుకోండి శెట్టిగారూ."

నాన్న చుట్టల్ని అలాగే గల్లాలోకి తోసి, అయిదొందల నోటు అందించాడు.

"నీ లెక్క ఎప్పుడు తప్పింది సూరమ్మా? జాగ్రత్తగా వెళ్లు, వానొచ్చేలా ఉంది."