ఇంగ్లీషులో ఉన్న అడ్మిషన్ రూల్స్ తెలుగులో: నెల్లూరు, ఒంగోలు అమ్మానాన్నల కోసం

చెన్నైలో ఉన్న ఒక యూనివర్సిటీ వాళ్ళు బీటెక్ అడ్మిషన్ల గురించి ఇచ్చిన ప్రశ్నలు-జవాబుల కాగితం ఇది. రూల్‌ని రూలుగానే తెలుగులో పెట్టాను, ఎక్కడైనా నేను కలిపింది ఉంటే ముందు "నా మాట" అని రాశాను, దాన్ని యూనివర్సిటీ మీద వెయ్యబాకండి.

ప్ర: ఇంటర్ రిజల్ట్స్ ఇంకా రాలేదు గదా, సీటు ఇచ్చామని లెటర్ పంపించారు. ఇది నిజం సీటేనా?

జ: నిజం సీటే, కాకపోతే షరతు మీద ఇచ్చింది. ఎంట్రన్స్ ర్యాంకు చూసి ఇచ్చారు, ఇంటర్ మార్కులు వచ్చాక ఎంపీసీ మూడు సబ్జెక్టుల్లో కలిపి 60 శాతం ఉంటేనే అది నిలబడుద్ది. లేకపోతే లెటర్ చెల్లదు. అట్టా పోయిన సీటుకి కట్టిన ఫీజుని కింద చెప్పిన రిఫండ్ లెక్క ప్రకారమే వెనక్కి ఇస్తారు.

నా మాట: మన వాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఈడే. 60 శాతం అంటే వెయ్యికి ఆరొందలు కాదు. మన ఇంటర్ బోర్డు పాత పద్ధతిలో రెండేళ్ళకి కలిపి మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, అంతా 600, దాంట్లో 360 రావాల. సంస్కృతంలో 98, 99 తెచ్చుకుని టోటల్ పెంచుకున్న పిలకాయలు మెమో చూసుకుని సంబరపడతారు, ఆ మార్కులు ఈడ లెక్కలోకి రావు. మెమో చేతికి రాంగానే పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడే కూడండి.

ప్ర: ఒక సబ్జెక్ట్ పోయింది, సప్లిమెంటరీ రాస్తన్నాడు. సీటు ఉంటాదా?

జ: అదే ఏడాది సప్లిమెంటరీలో పాసయి, అడ్మిషన్లు మూసేలోపల, అంటే జులై 31 లోపల మెమో చూపిస్తే ఉంటాది. ఆన్‌లైన్‌లో తీసిన షార్ట్ మెమో తాత్కాలికంగా చాలు, ఒరిజినల్ తర్వాత ఇవ్వొచ్చు. జులై 31 దాటితే మాత్రం ఎవురు ఫోన్ చేసినా ఒప్పుకోరు.

ప్ర: ఫీజు కట్టినాక ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మనకి దగ్గర్లో సీటు వచ్చింది. డబ్బులు పోయినట్టేనా?

జ: పోవు. కానీ ఎప్పుడు రాసిచ్చారనే దాని మీద ఉంటాది. ఆఖరి తేదీ జులై 31 గనక, జులై 16 లోపల రాసిస్తే మొత్తం ఇస్తారు, ప్రాసెసింగ్ కింద ఐదు శాతం దాకా, అదీ 5,000 మించకుండా పట్టుకుంటారు. 17 నుంచి 31 లోపలైతే 90 శాతం, ఆగస్టు 15 దాకా 80 శాతం, ఆగస్టు 30 దాకా సగం, ఆ తర్వాత ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ ఈ లెక్కలోకి రాదు, దాన్ని వేరేగా తిరిగిస్తారు. రాసిచ్చిన 15 రోజుల్లో డబ్బులు అకౌంట్‌లో పడాల.

నా మాట: రెండు లక్షలు కట్టి ఆగస్టు 10న మానుకుంటే లక్షా అరవై వేలు వస్తాది, ఆగస్టు 20న అయితే లక్షే, అంటే పది రోజుల తేడాకి అరవై వేలు. ఇది వాళ్ళు దయ తలిచి ఇచ్చేది కాదు, 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్న లెక్కే. కొన్నేళ్ళు యూజీసీ ఇంకా మంచిగా కూడా చెప్పింది, 2024-25లో సెప్టెంబర్ 30 లోపల మానుకుంటే పూర్తిగా తిరిగివ్వమంది, అందుకని ఈ ఏడాది సర్క్యులర్ ఏమన్నా వచ్చిందేమో యూజీసీ సైట్‌లో చూసుకోండి. ఇంకోటి, ఫోన్లో "మేం రావడంలేదు సార్" అంటే అది రాసిచ్చినట్టు కాదు. మెయిల్ పెట్టండి, పెట్టిన తేదీ కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ప్ర: ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకుంటారా?

జ: లేదు. రిపోర్టింగ్ రోజు ఒరిజినల్స్ చూసి, జిరాక్స్‌లతో సరిపోల్చి, అప్పుడే మీ చేతికి ఇచ్చేస్తారు. టీసీ ఒక్కటి మాత్రం ఒరిజినల్ తీసుకుంటారు.

నా మాట: ఒరిజినల్స్ ఆపుకోకూడదని కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. యూనివర్సిటీయే తీసుకోనప్పుడు మధ్యలో కన్సల్టెన్సీ వాళ్ళకి ఎందుకు? సీటు ఖాయం చేస్తాం, మెమోలు మా దగ్గర పెట్టండి అనే వాళ్ళకి జిరాక్స్ కూడా ఇయ్యబాకండి.

ప్ర: టెన్త్ మెమోలో ఇంటిపేరు మొత్తం ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఆపేస్తారా?

జ: ఆపరు. టెన్త్ మెమోలో ఉన్న పేరే యూనివర్సిటీ రికార్డులో ఎక్కుద్ది. ఆధార్ తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని ఒక డిక్లరేషన్ ఇస్తే చాలు, ఫారం వాళ్ళ దగ్గరే దొరుకుద్ది. పుట్టిన తేదీ తేడా ఉంటే మాత్రం ఆధార్ సరిచేయించుకుని రావాల.

ప్ర: మేం ఫలానా కోటా, సీటు ఇప్పిస్తాం, డొనేషన్ కట్టండి అంటన్నారు.

జ: డొనేషన్ లేదు, ఏజెంట్లు లేరు. ఫీజు ఆన్‌లైన్‌లో, విద్యార్థి లాగిన్ లోపల నుంచే కట్టాల. ఒక మనిషి పేరు మీదున్న అకౌంట్‌కి గానీ ఫోన్‌పే నంబర్‌కి గానీ వేసిన డబ్బుకి యూనివర్సిటీకి సంబంధం లేదు.

ప్ర: మన ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాదా?

జ: ఈ పాలసీలో రీయింబర్స్‌మెంట్ లేదు. యూనివర్సిటీ సొంతంగా ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది, ఎంట్రన్స్ ర్యాంకుని బట్టి ట్యూషన్ ఫీజులో తగ్గిస్తారు, ఏడాది ఏడాది బ్యాక్‌లాగ్ లేకుండా పాసయితేనే కొనసాగుద్ది. హాస్టల్ ఫీజులో తగ్గింపు లేదు.

నా మాట: మొదటేడాది తగ్గిన ఫీజు చూసి నాలుగేళ్ళ లెక్క వేసుకోబాకండి. ఫస్ట్ సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్ట్ పోతే రెండో ఏడాది పూర్తి ఫీజు. లోన్ తీసుకోవాలంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసుకోవచ్చు, బ్యాంకుకి అడ్మిషన్ లెటర్, నాలుగేళ్ళ ఫీజు వివరం రెండూ కావాల, అవి ముందే అడిగి తీసుకోండి.

ప్ర: ఆడపిల్ల ఒక్కతే ఉండాల, తమిళం రాదు, హాస్టల్ ఎట్టా ఉంటాది?

జ: మొదటేడాది ఆడపిల్లలకి హాస్టల్ గదులు క్యాంపస్ లోపలే. రాత్రి 9 గంటల తర్వాత బయటికి పంపరు, ఊరికి రావాలంటే అమ్మానాన్నలు రిజిస్టర్ చేసిన నంబర్ నుంచి ఒప్పుకోవాల. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మెస్‌లో వెజ్, నాన్‌వెజ్ వేరేగా ఉంటాయి, బయట వంట తెచ్చుకోవచ్చు గానీ గదిలో స్టవ్ పెట్టకూడదు.

నా మాట: ఊరగాయ సీసాకి అడ్డం లేదు, అది కూడా అడిగి కనుక్కున్నా.

ప్ర: ర్యాగింగ్ భయంగా ఉంది.

జ: చేరేటప్పుడు విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇవ్వాల, యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఇది అందరికీ ఉంది. ఏమన్నా జరిగితే 1800-180-5522కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, ఆ నంబర్‌కి డబ్బులు పడవు.

ప్ర: రిపోర్టింగ్ రోజు ఎవురు రావాల, ఎన్నింటికి?

జ: విద్యార్థితో పాటు అమ్మ గానీ నాన్న గానీ ఒకరు, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపల. ఇద్దరూ రాలేకపోతే గార్డియన్ రావొచ్చు, సంతకం పెట్టిన లెటర్, మీ ఆధార్ జిరాక్స్ ఇచ్చి పంపండి. తెచ్చుకోవాల్సినవి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్ ఉంటే అది, ఆరు ఫొటోలు, అన్నీ మూడేసి జిరాక్స్‌లు.

నా మాట: ఒంగోలు వాళ్ళు ఆ రోజు పొద్దున బయలుదేరితే 9కి అందుకోలేరు, ముందు రోజు రాత్రికే చేరుకోండి. జిరాక్స్‌లు ఊర్లోనే తీయించుకోండి, క్యాంపస్ గేటు దగ్గర ఆ రోజు లైను చాంతాడంత ఉంటాది.