ప్రమోషన్ గురించి, రాజుగారికి

రాజుగారూ, నమస్కారం.

శనివారం మీరు ఫోనులో చెప్పిన విషయం ఇంట్లో మాట్లాడాను, నేనూ బాగా ఆలోచించుకున్నాను. రీజనల్ టెక్నికల్ మేనేజర్ పోస్టు నేను తీసుకోలేను. సోమవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు కానీ, హెడ్డాఫీసుతో మీరు మాట్లాడే ముందే నా మాట మీకు అందాలని ఈరోజే రాస్తున్నాను. ఫోనులో అయితే కారణాలు సగమే చెప్పగలను. మీకు మాత్రం పూర్తిగా చెప్పాలి.

ఆ పోస్టుకు అనుకున్న పేర్లలో నా పేరు ఎవరు పెట్టారో, దాని కోసం ఎవరు పట్టుబట్టారో నాకు తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో భీమవరం ల్యాబ్ కొన్నాళ్లు మూసేద్దామని పైవాళ్లు అన్నప్పుడు, చెరువుల్లో రొయ్య ఉండగా ల్యాబ్ ఎలా మూస్తామని మీరు అడ్డుపడ్డారు. ఆ రోజు మీరు గట్టిగా నిలబడకపోతే నేను ఈ పని వదిలేసి ఏదో స్కూల్లో సైన్సు చెప్పుకుంటూ ఉండేదాన్ని. అలాంటి మీకు కాదని చెప్పడం నాకు సులువుగా లేదు.

మొదటి కారణం నాన్న. పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడి చెయ్యి కొద్దికొద్దిగా దారిలోకి వస్తోంది, మాట మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. రోజూ ల్యాబ్‌కు బయలుదేరే ముందు ఆయన పక్కన కూర్చుని పేపరు చదివిస్తాను. పెద్ద అక్షరాల హెడ్డింగులు చాలు. మొన్న వరద రోజుల్లో ‘ధవళేశ్వరం వద్ద నీటిమట్టం’ అన్న మాటలు ఆయనకు అందేసరికి చాలాసేపు పట్టింది. ‘ధవళే’ దగ్గర ఆగిపోయి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని చివరి వరకూ పలికారు. ఆ తర్వాత 11.75 అడుగుల అంకె చూపించి, మొదటి హెచ్చరిక అని చేత్తో సైగ చేశారు. ఆ లెక్కలు ఆయనకు మాకంటే బాగా గుర్తున్నాయి. గుర్తున్నదాన్ని నోటితో చెప్పడమే కష్టంగా ఉంది. ఈ సాధన మధ్యలో వదిలేయకూడదని, ఇంట్లో రోజూ ఒకే మనిషి కూర్చుంటే మంచిదని స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి చెప్పింది. ఆ మనిషిని నేనే. అమ్మ కూర్చుంటే ఆయన పలకరు, అమ్మను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కొత్త పోస్టులో చేరి నెలలో సగం రాత్రులు బాలాసోర్‌లోనో నవసారిలోనో గడిపితే ఈ పని సాగదు.

ఇక్కడ మీకు ఒక విన్నపం. హెడ్డాఫీసులో ఎవరైనా కారణం అడిగితే, ‘ఇంట్లో ఒప్పుకోలేదట’ అని మాత్రం చెప్పకండి. పెళ్లయిన ఆడమనిషి ప్రమోషన్ వద్దంటే అందరూ ముందు అనుకునేది అదే. మా ఆయన వెళ్లమనే అన్నారు. పాలకొల్లు కాలేజీ నుంచి తొందరగా వచ్చి పాపను తాను చూసుకుంటానన్నారు. అమ్మ కూడా వెళ్లమంది. వద్దనుకున్నది నేను. ఈ నిర్ణయం నాదని వాళ్లకు తెలియాలి. లేకపోతే రేపు నా తర్వాత వచ్చే అమ్మాయిని ఏ పోస్టుకైనా అనుకున్నప్పుడు, ఆమెను అడగకుండానే ‘వాళ్లింట్లో పంపరులే’ అని పక్కన పెట్టేస్తారు.

నాన్న కారణం ఒక్కటే అయితే, ఆయన కోలుకునేదాకా ఆగమని అడిగేదాన్ని. అలా అడగడం లేదు. ఎందుకంటే నాకు ఈ బల్ల దగ్గర పని కావాలి. ఇది మీకు విడమరిచి చెప్పాలి.

పోయిన పంటలో కాళ్ళ మండలం నుంచి ఒక లీజు రైతు వచ్చాడు. కవర్లో నాలుగు రొయ్యలు, సీసాలో చెరువు నీళ్లు. చెక్ ట్రేలో మేత మిగులుతోందని, నీటి మీద తెల్ల దారాలు తేలుతున్నాయని చెప్పాడు. రొయ్య హెచ్‌పీ తీసి స్లైడు మీద నొక్కి చూస్తే కొవ్వు బిందువులు బాగా తగ్గిపోయి, గొట్టాల నిండా పురుగుల్లాంటి ఆకారాలే. ఏం వాడారని అడిగాను. ఏమీ వాడలేదన్నాడు. నేను మళ్లీ అడగలేదు, టీ తెప్పించాను. రెండో స్లైడు చూస్తుండగా ఆయన జేబులోంచి ఒక ఖాళీ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు. ‘అమ్మా, మీరు ఎవరికీ చెప్పరని ఇస్తున్నాను’ అన్నాడు.

అలాంటి పొడుల్లో నిషేధించిన యాంటీబయాటిక్ ఏది ఉన్నా, ఆ రొయ్య ఒక్క చెరువుతో పోదు. యూరప్‌లోనో జపాన్‌లోనో పరీక్షలో అవశేషం తేలితే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. ఆ సరుకులో ఏ తప్పూ చేయని పది మంది రైతుల రొయ్య కూడా ఉంటుంది. ఆ ప్యాకెట్ నా బల్ల మీదకు వచ్చింది కాబట్టి ఆ మందు ఆపించగలిగాం, ఆపిన తర్వాత మళ్లీ శాంపిల్ తీసి చూశాకే పట్టుబడికి వెళ్లమన్నాం. పీసీఆర్‌లో ఈహెచ్‌పీ కూడా వచ్చింది. దానికి మందు లేదని, చెరువు ఎండగట్టి సున్నం వేసి దున్నిన తర్వాతే మళ్లీ సీడ్ వేయాలని చెప్పాను. అలాగే చేశాడు. ఈసారి సీడ్ చెరువులో వదలకముందే పరీక్షకు తెచ్చాడు.

ఆ ప్యాకెట్‌ను ఆయన నెలకోసారి కారు దిగి వచ్చే మేనేజర్ చేతికి ఇవ్వడు. నేను అన్ని సీజన్లలోనూ ఇక్కడే ఉన్నాను, ఎవరి సంగతీ ఇంకొకరికి చెప్పలేదు, నా మాట విని నష్టపోయినవాళ్లు వచ్చి అడిగినప్పుడు ముఖం చాటేయలేదు. నాన్న కూడా 1990ల్లో టైగర్ రొయ్య వేసి వైట్ స్పాట్‌తో చెరువు మొత్తం పోగొట్టుకున్నవారే. రైతు చెప్పకుండా దాచే భయం ఎలా ఉంటుందో చిన్నప్పుడే మా ఇంట్లో చూశాను. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు, 100 కౌంట్‌లోనే పట్టేద్దామా అని తెల్లవారకముందే ఫోన్లు వచ్చేవి. ధర గురించి నేను చేయగలిగింది ఏమీ లేదు. మీ చెరువు ఇంకో రెండు వారాలు ఆగగలదా లేదా అన్నది మాత్రం శాంపిల్ చూసి చెప్పగలిగాను. ఆ సమయంలో నేను రైల్లో ఉండి ఉంటే ఏం చెప్పేదాన్ని?

కొత్త పోస్టు పని కాగితం మూడుసార్లు చదివాను. ఆంధ్ర తీరం, నాగపట్నం, బాలాసోర్, కాంతి, నవసారి. డీలర్ల సమావేశాలు, బ్రాంచి తనిఖీలు, నెలవారీ రిపోర్టులు. అది ముఖ్యమైన పనే, ఎవరో ఒకరు బాగా చేయాల్సిన పనే. కానీ అందులో మైక్రోస్కోపు ఎక్కడా లేదు. ప్రయాణం సంగతి మీకు తెలిసిందే. హౌరా వైపు వెళ్లాలంటే తాడేపల్లిగూడెమో రాజమండ్రో చేరి రైలు పట్టుకోవాలి, గుజరాత్ అయితే గన్నవరం నుంచి హైదరాబాద్ మీదుగా విమానం. ఒక చెరువు చూడటానికి రెండు పగళ్లు దారిలోనే పోతాయి.

జీతం గురించి కూడా ఒక్క మాట. ఇది బేరం కాదు. ఇంకాస్త పెంచితే వస్తుందేమో అని దయచేసి పైవాళ్లను అడగవద్దు. వాళ్లు ఒప్పుకుంటే మీకూ నాకూ ఇబ్బంది.

నేను చేయగలిగినవి చెబుతాను. కైకలూరు, అమలాపురం, నరసాపురం వైపు ఉదయం వెళ్లి రాత్రికి తిరిగొచ్చే పని ఎంతైనా ఇవ్వండి. మిగతా రాష్ట్రాల ల్యాబ్‌ల వాళ్లు మైక్రోస్కోపుకు కెమెరా పెట్టుకుంటే, రోజూ మధ్యాహ్నం ఒక గంట వాళ్ల స్లైడ్లు ఇక్కడి నుంచే చూసి అభిప్రాయం చెబుతాను. బాలాసోర్‌లో కొత్తగా చేరినవాళ్లు పీసీఆర్‌కు శాంపిల్ తీయడంలోనే పొరపాటు చేస్తున్నారని నా అనుమానం, వాళ్లలో ఇద్దరిని ఒక నెల ఇక్కడికి పంపితే దగ్గరుండి నేర్పిస్తాను. వాళ్లు ఉండటానికి గది నేను చూస్తాను. ఇంకా తప్పనిసరి అయితే మూడు నెలలకోసారి రెండు రోజుల ప్రయాణానికి సిద్ధమే, పది రోజుల ముందు చెబితే చాలు.

ఆ పోస్టుకు నెల్లూరు ల్యాబ్‌లో ఉన్న కిరణ్‌ను చూడండి. తిరగడం అతనికి ఇష్టం, డీలర్లతో మాట్లాడే ఓర్పు నాకంటే ఎక్కువ. బెంగాలీ కూడా కాస్త వచ్చు. నేను అతనితో ఈ సంగతి ఎత్తలేదు, మీరే అడగాలి. అతను పైస్థాయికి వెళ్లి నేను అతనికి రిపోర్టు చేయాల్సి వచ్చినా నాకు చిన్నతనం ఏమీ లేదు.

ఒకటి మాత్రం మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. ఈ కాదనడం వల్ల నా ఫైలులో ‘ఎదగాలన్న ఆసక్తి లేదు’ అని పడకూడదు. మన కంపెనీలో మనుషులను చూసుకునేవాళ్లకే పైమెట్లు ఉన్నాయి, జబ్బును గుర్తుపట్టేవాళ్లకు లేవు. ల్యాబ్‌లోనే ఉంటూ ఎదిగే పోస్టు ఒకటి ఉండాలని మీరే రెండేళ్ల కిందట సమావేశంలో అన్నారు. ఆ ప్రతిపాదన మళ్లీ పెట్టేటట్లయితే పరీక్షల వివరాలు, ఈ రెండేళ్లలో ల్యాబ్ సలహాతో నష్టం తగ్గిన చెరువుల రికార్డులు అన్నీ తీసి ఇస్తాను. అలాంటి పోస్టుకైతే నేనే ముందు దరఖాస్తు చేస్తాను.

సోమవారం పదకొండు వరకూ శాంపిళ్ల రద్దీ ఉంటుంది. ఆ తర్వాత మీ గదికి వస్తాను. హెడ్డాఫీసుకు ఏ మాటల్లో రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం, కెమెరాల ఖర్చు అంచనా కూడా తెస్తాను.

ఇట్లు
సుజాత