6జీ పైప్ వెల్డర్ ఉద్యోగానికి దరఖాస్తు

నెల్లూరు జిల్లా, ముత్తుకూరు,
12 జనవరి 2026.

ఫ్యాబ్రికేషన్ షాప్ ఇన్‌ఛార్జి గారికి,
సోహార్, ఒమన్.

అయ్యా, నమస్కారం.

మీ షాపులో 6జీ పైప్ వెల్డర్లు కావాలని మా ఫోర్‌మన్ అన్న చెప్పారు. తెలుగులో రాసినా మీరు చదువుతారని ఆయనే అన్నారు, అందుకే ఇలా రాస్తున్నాను. కంపెనీ ఫైలు కోసం ఇంగ్లీష్ బయోడేటా జత చేశాను. నా ఫోన్ నంబరు దాని మొదటి పేజీలో ఉంది.

నేను 2011లో పదో తరగతి పాసై, నెల్లూరు ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేశాను. ఎన్‌సీవీటీ సర్టిఫికెట్, ఏడాది అప్రెంటిస్ సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి. మొదట ఆటోనగర్‌లో ట్రాలీలు, ట్యాంకులు, షెడ్ల స్ట్రక్చర్ పని చేశాను. దాని గురించి ఎక్కువ రాయను, మీకు కావలసింది పైప్ కాబట్టి.

పైప్ పని నేర్చుకున్నది కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల మూడో యూనిట్ కడుతున్నప్పుడు, ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర. బాయిలర్ ట్యూబులకు టిగ్‌తో రూట్ వేసేవాణ్ని. ప్యానెల్ వెనక వైపు చెయ్యి పడుతుంది గానీ కన్ను పడదు. అక్కడ చిన్న అద్దం కట్టి, అందులో చూస్తూ వెయ్యాలి. అద్దంలో టార్చ్ దగ్గరకు వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి దూరం పోతుంటుంది, ఫిల్లర్ రాడ్ ఎక్కడ తగులుతుందో వేళ్లకే తెలియాలి. ఇప్పుడు అలాంటి జాయింట్ ఇస్తే టెన్షన్ లేదు. పీ91 పైపుకు 200 డిగ్రీలు దాటించి ప్రీహీట్ పెట్టడం, లోపల ఆర్గాన్ పర్జింగ్ తగ్గకుండా చూసుకోవడం, వెల్డ్ అయ్యాక హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లకు అప్పగించేదాకా జాయింటును కాపాడుకోవడం అక్కడే అలవాటైంది.

ఆ తర్వాత పవర్ ప్లాంట్ల షట్‌డౌన్లకు వెళ్లాను. ప్రస్తుతం కృష్ణపట్నం దగ్గర ఒక వంటనూనె రిఫైనరీలో 304, 316 స్టెయిన్‌లెస్ లైన్లు వేస్తున్నాను. నా స్టెన్సిల్ నంబరు డబ్ల్యూ-27. చివరి షట్‌డౌన్ ఎక్స్‌రే రిపోర్టులో ఆ నంబరు ఎదురుగా ఉన్న ఫిల్ముల వివరాలు చూస్తే నా పని సంగతి తెలుస్తుంది. ఫొటోలు పంపడం లేదు. క్యాప్ అందంగా ఉన్న జాయింటుకు లోపల రూట్ ఎలా ఉందో ఫొటో చెప్పదు.

ట్రేడ్ టెస్ట్ 2025 సెప్టెంబరులో చెన్నైలోని ఒక టెస్ట్ సెంటర్‌లో, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ ఎదురుగా, ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఇచ్చాను. రెండు కూపన్లు వేశాను. ఒకటి 6 అంగుళాల షెడ్యూల్ 80 కార్బన్ స్టీల్, 10.97 మిల్లీమీటర్ల మందం, రూట్ టిగ్, ఆపైన 7018. రెండోది 2 అంగుళాల షెడ్యూల్ 160, మొత్తం టిగ్. పెద్ద కూపన్ ఒక్కటే వేస్తే సన్న పైపులకు చెల్లదు కదా, అందుకని రెండోది నేనే అడిగి వేశాను. రెండూ 6జీలోనే, ఎక్స్‌రేలో పాస్. ఆరు నెలలు ఒక ప్రాసెస్ వాడకపోతే క్వాలిఫికేషన్ పోతుంది. అది పోలేదని చూపడానికి, ఈ నెల వరకు క్యూసీ వాళ్లు సంతకం పెట్టిన కంటిన్యుటీ లాగ్ కూడా జత చేశాను.

డూప్లెక్స్, అల్యూమినియం నేను వెయ్యలేదు. మీకు అవి ముఖ్యమైతే ముందే తెలియాలని రాస్తున్నాను.

పాస్‌పోర్ట్ 2031 వరకు ఉంది, పదో తరగతి పాస్ కాబట్టి ఈసీఆర్ ముద్ర లేదు. పదో తరగతి మార్కుల లిస్టు, ఐటీఐ సర్టిఫికెట్లు, రెండు టెస్ట్ సర్టిఫికెట్లు, అనుభవ పత్రాలు, పాస్‌పోర్ట్ కాపీ జత చేశాను. ఐటీఐ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ అయింది. పోలీస్ క్లియరెన్స్‌కు, మెడికల్‌కు మీ ఆఫర్ లెటర్ వచ్చాక వెళ్తాను, ముందే చేయిస్తే గడువు అయిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా అడుగుతున్నాను. 2022లో ఒక ఏజెంట్ వెల్డర్ అని చెప్పి, తీరా వీసా కాపీలో లేబర్ అని తెచ్చాడు. నేను వెళ్లలేదు. అందుకని వీసాలోనూ అగ్రిమెంట్‌లోనూ వెల్డర్ అనే ఉండాలి, ఫోర్‌మన్ అన్న చెప్పిన 220 రియాళ్ల బేసిక్, ఓవర్‌టైమ్ లెక్క, సెలవు, రానుపోను టికెట్ రాతలో ఉండాలి. అగ్రిమెంట్ కాపీ ఇక్కడ ఉండగానే నా చేతికి రావాలి.

మీ సొంత కూపన్ మీద మళ్లీ టెస్ట్ పెట్టినా సిద్ధమే. చెన్నై అయితే ఒక రోజు ముందు చెబితే చాలు. సెలెక్ట్ అయితే ఇక్కడ నెల రోజుల నోటీసు ఇచ్చి బయలుదేరగలను.

ఇట్లు,
మీ విధేయుడు,
కె. పెంచలయ్య